పాత కాయితం చింపితేనే సంతకం

మరిడమ్మ ఎవరినీ నమ్మదు. నరసాపురంలో ఆవిడ దగ్గర చేపలు కొనే ప్రతి ఇంటికీ ఈ సంగతి తెలుసు. ఐదొందల నోటు ఇస్తే ఎండకేసి పట్టి చూస్తుంది. ఫోనులో డబ్బులు పంపించామంటే తట్ట మీద నుంచి చెయ్యి తియ్యదు. "పంపించానని అందరూ అంటారండి. ఏదీ, మీ ఫోను ఓసారి ఇలా చూపించండి" అంటుంది. అందులో ఉన్నది ఆవిడకి చదవరాదు. అయినా చూస్తుంది. ఫోను వంక కాదు, చూపిస్తున్నవాడి మొహం వంక.

తన సరుకు విషయంలో మాత్రం వంక పెట్టడానికి లేదు. "బాబుగారూ, ఇది ఐసులోదండి, ఇయ్యాళ్టిది కాదు. ఇగురుకి బాగోదు, పులుసు పెట్టించుకోండి" అని తనే ముందు చెప్పేస్తుంది. అది విని కొందరు మానేసి పోతారు. నాలాంటివాళ్ళు మాత్రం ఇంకెవరి దగ్గరా కొనరు.

నా పేరు సురేష్‌బాబు. స్టేషన్ రోడ్డులో బ్యాంకుకి ఎదురుగా జిరాక్సు షాపు. బ్యాంకులో "అప్లికేషన్ రాసుకు రండి" అని ఎవరిని తిప్పి పంపినా రోడ్డు దాటి నా దగ్గరికే రావాలి. ఇరవై ఏళ్ళుగా ఈ ఊరి కష్టాలన్నీ ఏ-ఫోర్ సైజులో చూస్తున్నాను. జనం కష్టం చెప్పుకునే తీరు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అసలు సంగతి వదిలేసి మేనమామ పెళ్ళి దగ్గర నుంచి మొదలుపెడతారు.

మరిడమ్మ అలా కాదు. మార్చి నెలలో ఒక పొద్దున తట్ట మెట్ల మీద దింపి, ప్లాస్టిక్ కవరులోంచి బ్యాంకు నోటీసు తీసి నా ముందు పెట్టింది.

"ఉన్నది ఉన్నట్టు చదవండి. మీ సొంతం ఏం కలపకండి."

చదివాను. ఆవిడ కూతురు లక్ష్మీదుర్గ భీమవరంలో ఇంజనీరింగ్ చదివినప్పుడు తీసుకున్న ఎడ్యుకేషన్ లోను అది. మేనేజ్‌మెంట్ కోటా సీటు కావడంతో ఫీజుకి అప్పు తప్పలేదు. అప్పు లక్ష్మీదుర్గ పేరు మీద ఉంది, పక్కన తల్లిగా మరిడమ్మ కూడా సంతకం పెట్టింది. అంటే కూతురు కట్టకపోతే తల్లి కట్టాలి. జనవరి, ఫిబ్రవరి వాయిదాలు రాలేదని, ఆలస్యానికి పీనల్ ఛార్జీలు పడ్డాయని, వెంటనే కట్టకపోతే చర్యలు తీసుకుంటామని నోటీసు. మరిడమ్మ మొత్తం విని, కాయితం మడిచి, పక్కనున్న వెంకటరమణ మందుల షాపుకి వెళ్ళి మళ్ళీ చదివించుకుంది.

తిరిగొచ్చి "రెండూ ఒకటేనండి" అంది, నేను పరీక్ష పాసైనట్టు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. "నా మీద నమ్మకం లేనప్పుడు నా దగ్గరికి రావడం దేనికండీ?"

"మీ ఒక్కరి మీదే కాదండి. ఆయన మీదా లేదు. ఇద్దరూ ఒకటే చెప్పారు కాబట్టి నిజమయ్యుంటాది."

ఆవిడ అనుమానం అసలు కూతురి మీద. లక్ష్మీదుర్గ హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేసేది. దసరా తరవాత ఇంటికొచ్చేసి, ఆఫీసువాళ్ళు ఇంటి నుంచే చెయ్యమన్నారని చెప్పింది. నెలకింత అని తల్లి చేతిలో పెడుతూనే ఉంది. కానీ ఇంతకుముందు పండక్కి వచ్చినా లాప్‌టాప్‌లో ఎవరితోనో ఇంగ్లీషులో గడగడా మాట్లాడే పిల్ల, ఇప్పుడు దాన్ని తెరుచుకుని ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటోందట.

"మాటాడకుండా చేసే ఉద్యోగాలుంటాయాండి?" అని అడిగింది మరిడమ్మ. "బ్యాంకుకి కట్టాల్సిన డబ్బులు ఎవడికైనా పోత్తందేమో."

"ఆ ముక్క అమ్మాయినే అడగండి."

"అడిగితే నిజం చెప్తాదా?"

మర్నాడు ఇద్దరూ కలిసే వచ్చారు. రాత్రి ఇంట్లో ఏం జరిగిందో గానీ, లక్ష్మీదుర్గ కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "అంకుల్, బ్యాంకుకి లెటర్ టైప్ చెయ్యాలి" అంది. పాతికేళ్ళ పిల్ల. నా షాపులో హాల్ టికెట్లు ప్రింటు తీసుకున్న పిల్ల. "ఉద్యోగం పోయింది. సెప్టెంబరులోనే. మా టీము మొత్తాన్ని తీసేశారు. దాచుకున్న డబ్బులతో డిసెంబరు దాకా కట్టాను, తరవాత మిగిలినవి నెలనెలా అమ్మ చేతిలో పెట్టడానికే సరిపోయాయి."

మరిడమ్మ రాత్రే విని ఉంటుంది. అయినా నా వైపు తిరిగి, "చూశారా, ఆర్నెల్లు నా కంచంలో తింటా నాకే అబద్ధం చెప్పింది" అంది. ఆ గొంతులో కోపం కంటే భయం ఎక్కువ వినిపించింది నాకు.

బ్యాంకు ఉత్తరాలు నేను ఇంగ్లీషులో కొడతాను, ఫైలులో బాగుంటాయని. మరిడమ్మ ఒప్పుకోలేదు. "తెలుగులో కొట్టండి. ఇంగ్లీషులో మీరిద్దరూ కలిసి ఏం రాసినా నాకు తెలవదు." సరేనని తెలుగులోనే మొదలుపెట్టాను. లోను నంబరు వేశాను. ఉద్యోగం ఎప్పుడు, ఎందుకు పోయిందో రెండు వాక్యాల్లో రాశాను. అప్పు ఎగ్గొట్టే ఉద్దేశం లేదని, డిసెంబరు వరకు ఒక్క వాయిదా కూడా తప్పలేదని రాశాను. లక్ష్మీదుర్గ కంపెనీ ఇచ్చిన రిలీవింగ్ లెటరు, జీతం ఆగిపోయినట్టు చూపించే స్టేట్‌మెంటు, ఉద్యోగాల కోసం పెట్టుకున్న దరఖాస్తుల ప్రింట్లు జతచేసింది. చివర్లో ఈ అభ్యర్థన:

"కావున, పై పరిస్థితులను దయతో పరిశీలించి, నా ఖాతాపై విధించిన పీనల్ ఛార్జీలను మాఫీ చేయవలసిందిగాను, నా లోనును రీస్ట్రక్చర్ చేసి వాయిదాలు కట్టుటకు గడువు ఇవ్వవలసిందిగాను ప్రార్థన."

"ప్రార్థనా?" అంది మరిడమ్మ. "దేవుడనుకుంటన్నారా ఆళ్ళని?"

"అలాగే రాస్తారండి."

"రాయండి. మరి ఇది ఇచ్చామని రుజువేంటి?" ఈ ఒక్క విషయంలో ఆవిడ అనుమానం నాకు నచ్చింది. రెండో కాపీ తీసి, దాని మీద బ్యాంకు ముద్ర, తేదీ వేయించుకోమని చెప్పాను. "మీరూ రండి. లోపల ఆళ్ళు ఇంగ్లీషులో చెప్పేది మా అమ్మాయి నాకు సగమే చెప్తాది" అంటూ ఆవిడ నన్నూ బయల్దేరదీసింది. షాపు తలుపు దగ్గరగా వేసి వెళ్ళాను.

మేనేజరు సుప్రియ గారిది విజయనగరం వైపు. వచ్చి ఏడాది కాలేదు. ఉత్తరం నెమ్మదిగా చదివారు. పీనల్ ఛార్జీల మాఫీ తన చేతిలో లేదని, భీమవరం రీజనల్ ఆఫీసుకి సిఫారసు చేస్తానని చెప్పారు.

"కానీ రీస్ట్రక్చర్ అనే మాట తీసెయ్యండి" అన్నారు లక్ష్మీదుర్గతో. "అది మీ క్రెడిట్ రిపోర్టులో మచ్చలా కనిపిస్తుంది. చదువు లోనుల్లో ఉద్యోగం పోయినవాళ్ళకి ఆరు నెలలు వాయిదాలు ఆపే వీలు స్కీములోనే ఉంది. అది అడగండి. ఉత్తరం మళ్ళీ రాసుకు రండి. అది మంజూరైతే మీరూ, మీ అమ్మగారూ కొత్త అగ్రిమెంటు మీద సంతకం పెట్టాలి. ఖాతా తొంభై రోజులు దాటి మొండి బాకీల్లో పడకముందే ఇదంతా అయిపోవాలి. పడిందంటే మీ తరఫున నేను అడగ్గలిగేది ఏమీ ఉండదు."

మరిడమ్మ కుర్చీలో ముందుకు జరిగింది. "కాయితం తిరగరాయాలాండి?"

"అవునమ్మా, ఇద్దరూ సంతకాలు పెట్టాలి."

"పాతది చింపుతారా? నా కళ్ళ ముందు?"

సుప్రియ గారికి అర్థం కాలేదు. పక్క టేబుల్ దగ్గర లోన్లు చూసే ఏసురాజు నవ్వేశాడు. "ఏం కాదమ్మా, ఊరికే ఫార్మాలిటీ. మీకు పైసా నష్టం లేదు. ఇక్కడ ఇక్కడ సంతకాలు పెట్టేస్తే అయిపోద్ది."

మరిడమ్మ లేచి బయటికి నడిచింది.

ఇంతకీ ఆ ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో ఏసురాజుకి తెలియదు, నాకు తెలుసు. మరిడమ్మ భర్త బుల్లియ్యకి ఒకప్పుడు సొంత నావ ఉండేది. రేవులో చేపల కమిషను వ్యాపారి అప్పాజీ గారి దగ్గర వలలకీ, ఇంజనుకీ ప్రామిసరీ నోటు మీద అప్పు తెచ్చేవాడు. నోటుకి మూడేళ్ళే గడువు. మూడో ఏడు వచ్చేసరికి అప్పాజీ గారు పిలిచి, "ఏం కాదురా బుల్లియ్యా, ఊరికే తిరగరాద్దాం" అనేవారు. తిరగరాసినప్పుడల్లా అప్పటిదాకా పడిన వడ్డీ అసలులో కలిసేది, ఆ కొత్త అసలుకి మళ్ళీ వడ్డీ. పాత నోటు ఇచ్చెయ్యమని అడగడానికి బుల్లియ్యకి మొహమాటం. చివరికి నావ లెక్క తేల్చే రోజున అప్పాజీ గారు పాత నోటూ కొత్త నోటూ రెండూ బయటికి తీసి, రెండు అప్పులూ కట్టమన్నారు. నావ పోయింది. బుల్లియ్య తరవాత పరాయి నావల మీద కూలికి వెళ్ళి, మూడేళ్ళకి కన్నుమూశాడు. అందుకే "తిరగరాద్దాం", "ఏం కాదు" అనే మాటలు వింటే ఆవిడకి ఒళ్ళు జలదరిస్తుంది.

ఇంత తెలిసి కూడా ఆ రోజు నేను ఓపిక పట్టలేదు. షాపు ముందు నిలబెట్టి కేకలేశాను. బ్యాంకు వేరు, అప్పాజీ వేరు అన్నాను. సంతకం పెట్టకపోతే అమ్మాయికి రేపు ఎక్కడా అప్పు పుట్టదని, కొన్ని కంపెనీలు ఉద్యోగం ఇచ్చే ముందు అది కూడా చూస్తాయని, నోటీసులు ఇంటికి వస్తూనే ఉంటాయని చెప్పాను. ఆవిడ అన్నీ విని ఒకే మాట అడిగింది.

"ఈ సంతకం పెట్టిత్తే మీకెంతిత్తారండి ఆళ్ళు?"

ఇన్నేళ్ళ ఎరుగుదల! నేను లోపలికొచ్చేసి మిషను ఆన్ చేసి, అవసరం లేకపోయినా ఏవో నాలుగు కాయితాలు జిరాక్సు తీశాను. నిజం చెప్పాలంటే చాలా బాధపడ్డాను.

రెండు రోజులు ఆవిడ మా వీధికి చేపలు తేలేదు. మూడో రోజు లక్ష్మీదుర్గ ఆయాసపడుతూ వచ్చింది.

"అంకుల్, అమ్మ అప్పాజీ గారి దగ్గరికి వెళ్ళింది. నోటు రాసిచ్చి డబ్బు తెచ్చి బ్యాంకు బాకీ కట్టేస్తానంటోంది. ఇలా అవుతుందనే నేను ఉద్యోగం సంగతి చెప్పలేదు." అప్పుడే ఆ పిల్లకి ఏడుపొచ్చింది. "ఒక్కసారి రండి. నేను చెప్తే వినదు."

మనసులో ఇంకా మంట ఉంది. అయినా స్కూటరు తీశాను. రేవు దగ్గర అప్పాజీ గారి షెడ్డులో ఐసు పెట్టెల మధ్య బల్ల మీద నోటు సిద్ధంగా ఉంది, రెవెన్యూ స్టాంపు కూడా అంటించారు. మరిడమ్మ చేతిలో పెన్ను ఉంది. డ్వాక్రా సంఘంలో నేర్చుకున్న సంతకం, నాలుగు అక్షరాలు.

"రండి రండి సురేష్‌బాబు గారూ, సాక్షి సంతకం మీరే పెడుదురు గాని" అన్నారు అప్పాజీ గారు. ముసలాయనకి సిగ్గూ శరం లేవు.

లక్ష్మీదుర్గ తల్లి చెయ్యి పట్టుకుంది. "అమ్మా, నావ ఎక్కడ పోయిందో మర్చిపోయావా? ఇదే బల్ల మీద కాదూ?"

"మర్చిపోలేదే" అంది మరిడమ్మ. "ఈయన ఎలా ముంచుతాడో నాకు తెలుసు. ఎంత పోద్దో ముందే లెక్కేసుకోవచ్చు. ఆ బ్యాంకోళ్ళు పైసా నట్టం లేదంటన్నారు. నట్టం లేకుండా ఆర్నెల్లు ఎవడాగుతాడే? చెప్పట్లేదంటే ఎక్కువే అయ్యుంటాది."

అప్పాజీ గారి ముందు ఆయన మొహం మీదే అంది ఆ మాట. ఆయన విననట్టు ఐసు పెట్టె మూత సర్దుకున్నారు. నాకు మాత్రం ఆవిడ మీదున్న కోపం అక్కడే దిగిపోయింది. ఆవిడ చెప్పిందాంట్లో తప్పేముంది? నేను కూడా ఆవిడకి భయాలే చెప్పాను గానీ ఖర్చు చెప్పలేదు.

"అయితే అదే అడుగుదాం" అంది లక్ష్మీదుర్గ. "ఎంత నష్టమో అడుగు. వాళ్ళు చెప్పకపోతే ఇక్కడికే తిరిగొద్దాం. అప్పుడు నేనేం అనను. నేను దాచినందుకు నన్ను తిట్టు, కానీ నా మీద కోపంతో దీని మీద సంతకం పెట్టకమ్మా."

మరిడమ్మ కూతురి మొహం వంక చాలాసేపు చూసింది, ఫోను చూపించేవాళ్ళని చూసినట్టే. తరవాత పెన్ను బల్ల మీద పెట్టి, "సాయంత్రం వత్తానండి, కాయితం ఉంచండి" అని అప్పాజీ గారితో చెప్పి లేచింది.

బ్యాంకులో నేరుగా మేనేజరు ముందు నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఈ కాయితం మీద సంతకం పెడితే నాకెంత నట్టమండి?"

ఏసురాజు అలవాటుగా "నష్టమేంటమ్మా" అని అందుకోబోయాడు. సుప్రియ గారు చేత్తో ఆపారు. కాసేపు కంప్యూటర్‌లో చూసి, కాలిక్యులేటర్ మీద లెక్క వేసి, తెలుగులోనే నెమ్మదిగా చెప్పారు.

"నష్టం ఉందమ్మా. ఆరు నెలలు వాయిదా అడగం, కానీ వడ్డీ ఆగదు. అది సుమారు పందొమ్మిది వేలు అవుతుంది. ఆ వడ్డీ మీ అప్పులో కలుస్తుంది. తరవాత దాని మీద కూడా వడ్డీ పడుతుంది. అప్పు తీరడానికి ముందు అనుకున్నదానికంటే ఎక్కువ కాలం పడుతుంది. పాత అగ్రిమెంటు చింపను. ఇది దానికి అనుబంధం మాత్రమే. రెండూ ఫైలులో ఉంటాయి. కానీ అప్పు ఒక్కటే, లోను నంబరు కూడా పాతదే. ఈ నెలాఖరులోపు ఒక వాయిదా అయినా కట్టాలి, లేకపోతే పైనుంచి జవాబు వచ్చేలోపే ఖాతా మొండి బాకీల్లో పడుతుంది. పీనల్ ఛార్జీల మాఫీ నేను అడుగుతాను. ఇస్తారని మాట ఇవ్వలేను."

ఇంత చెడ్డ సమాచారం ఇంత వరసగా చెప్పిన బ్యాంకు మనిషిని నేను చూడలేదు. అంతా చెడగొట్టేశారు అనుకున్నాను. లక్ష్మీదుర్గ కూడా కళ్ళు మూసుకుంది.

మరిడమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"వడ్డీ అప్పులో కలుత్తాది" అంది.

"కలుస్తుందమ్మా."

"పందొమ్మిది వేలు."

"కొంచెం అటూ ఇటూగా."

"పాతది చింపరు."

"చింపనమ్మా."

"ఐసులో చేపని ఐసులో చేప అన్నారు" అంది మరిడమ్మ నా వైపు తిరిగి. సుప్రియ గారికి ఆ మాట అర్థమై ఉండదు. నాకు అర్థమైంది. మరిడమ్మ నడుముకి దోపుకున్న సంచీ విప్పి, పొలుసులు అంటుకున్న నోట్లు బల్ల మీద పెట్టింది. "ఇది ఒక వాయిదాకండి. రసీదు ఇప్పించండి."

ఆ సాయంత్రం అప్పాజీ గారి షెడ్డుకి ఆవిడ వెళ్ళలేదు. ఉత్తరం తిరిగి కొట్టాను. ఈసారి రీస్ట్రక్చర్ బదులు ఉద్యోగం లేని కాలానికి ఆరు నెలలు వాయిదాలు ఆపే మారటోరియం అని రాశాను. మాఫీ మాట అలాగే ఉంచాను. "ప్రార్థన" కూడా ఉంచాను. ఆవిడ ఏమీ అనలేదు. కాకపోతే డబ్బులిచ్చేటప్పుడు "మీకు కమీషను లేదంట, ఏసురాజు గారిని అడిగాను" అంది. అదే నాకు క్షమాపణ అనుకోవాలి, ఇంకోటి రాదు.

ఏప్రిల్‌లో భీమవరం నుంచి జవాబు వచ్చింది. అనుబంధ అగ్రిమెంటు మీద లక్ష్మీదుర్గ గబగబా సంతకం పెట్టింది. మరిడమ్మ మాత్రం ఒక్కొక్క అక్షరం దిద్దుతూ, మధ్యలో ఆగి, పైనున్న లోను నంబరునీ పాత నోటీసు మీద నంబరునీ వేలు పెట్టి బొమ్మ పోల్చినట్టు పోల్చుకుని, అప్పుడు పూర్తి చేసింది. ముద్ర వేసిన మంజూరు లెటరు చేతిలో పట్టుకుని ఇద్దరూ నా షాపుకి వచ్చారు. జిరాక్సు కావాలన్నారు. రెండు కాపీలు తీశాను.

చదవమంటుందని కళ్ళజోడు పెట్టుకున్నాను. ఆవిడ కాయితం నాకు ఇవ్వలేదు, కూతురికి ఇచ్చింది.

"చదవ్వే."

లక్ష్మీదుర్గ చదివింది. ఆరు నెలల మారటోరియం మంజూరు. పీనల్ ఛార్జీలు మాఫీ. మూడో లైను దగ్గర ఒక్క క్షణం ఆగి, తల్లి మొహం చూసి, అదీ చదివేసింది. ఖాతాలో డబ్బు లేక వాయిదాలు వెనక్కి పోయినందుకు పడిన ఛార్జీలు మాఫీ కావు, మారటోరియం కాలపు వడ్డీ అసలుకి కలపబడును, ఈలోగా ఉద్యోగం వస్తే వెంటనే బ్యాంకుకి తెలియజేయవలెను.

"అంతేనా?"

"అంతే అమ్మా. మంచి రెండు, చెడ్డ రెండు."

మరిడమ్మ కాయితం మడిచి కవరులో పెట్టుకుంది. మెట్లు దిగి తట్ట అందుకుంది. మందుల షాపు వెంకటరమణ అలవాటు ప్రకారం కౌంటరు వెనక నుంచి లేచి, చదివి పెట్టడానికి చెయ్యి చాపి నిలబడ్డాడు. ఆవిడ అటు చూడకుండా తట్ట నెత్తిన పెట్టుకుని కూతురితో పాటు రేవు వైపు నడిచింది.